“ఇన్ఫో ప్లీజ్” కామెంట్లు వందల్లో వస్తే: ఏది అందరి ముందూ చెప్పాలి, ఏది ఇన్‌బాక్స్‌లో చెప్పాలి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మాది చిన్న చీరల షాపు. అక్క కౌంటర్ చూసుకుంటుంది, ఫోన్ నేను చూస్తాను. పోయిన దసరాకి ముందు ఆరు కాటన్ చీరలు వరసగా చూపిస్తూ ఒక రీల్ పెట్టాం. పొద్దున్న పదింటికి పెడితే రాత్రి ఎనిమిదికి దాని కింద 143 కామెంట్లున్నాయి. చాలావాటిలో ఒక్కటే మాట: ఇన్ఫో, డీటెయిల్స్, ప్రైస్, ప్రైస్ ప్లీజ్‌కి పొట్టిగా పీపీ, రేటెంత, లేదంటే ఉత్త చుక్క.

సంతోషంతో కూర్చుని, “ఇన్‌బాక్స్ చెక్ చేయండి మేడమ్” అని రాసి దాన్నే కాపీ చేసి ఒక్కొక్కరి కింద అతికిస్తూ పోయాను. నలభై దాటాయో లేదో, ఇక కామెంట్ పెట్టనివ్వకుండా యాప్ ఆపేసింది. మిగిలిన వంద మందికి మర్నాడు సాయంత్రం దాకా ఏమీ చెప్పలేకపోయాం. మెసేజ్ పంపినవాళ్లలో కూడా సగానికి పైగా దాన్ని చూడనే లేదు. రాజాం నుంచి ఒకావిడ “రేటు చెప్పడానికి ఇంత దాపరికం దేనికమ్మా” అని అందరి ముందూ రాసింది. ఆవిడ అన్నది సరైన మాటే.

ఆ తర్వాత మా పద్ధతి మొత్తం మార్చుకున్నాం. ఇప్పుడు చేస్తున్నదే వరసగా రాస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌కీ ఫేస్‌బుక్ పేజీకీ తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు గీత ఎక్కడ గీయాలో తేల్చుకోండి

అందరికీ ఒకటే అయిన జవాబు అందరి ముందూ చెప్పాలి, మనిషిని బట్టి మారే జవాబు ఇన్‌బాక్స్‌లో చెప్పాలి. మేం పెట్టుకున్న గీత ఇదొక్కటే.

చీర రేటు, జాకెట్ ముక్క ఉందా, కొరియర్ ఖర్చు, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా లేదా, షాపు ఎక్కడ, ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, ఇవన్నీ ఎవరడిగినా ఒకటే జవాబు. వీటిని ఇన్‌బాక్స్‌లో చెబితే ఒకే మాట వందసార్లు రాయాలి, చదివేది మాత్రం ఒక్కొక్కరే. అదే కామెంట్ కింద రాస్తే అడిగిన మనిషితో పాటు, అడగడానికి మొహమాటపడి చూసి వెళ్లిపోయేవాళ్లు కూడా చదువుతారు. మా షాపుకి వచ్చి కొన్నవాళ్లలో చాలామంది ఒక్క కామెంట్ కూడా పెట్టినవాళ్లు కాదు. పక్కవాళ్లకి ఇచ్చిన జవాబు చదివి వచ్చామని వాళ్లే చెప్పారు.

అడ్రసు, ఫోన్ నంబరు, పేమెంటు స్క్రీన్‌షాట్, పాత ఆర్డర్ సంగతి, కొలతలు, ఎన్ని చీరలు తీసుకుంటున్నారు, పెళ్లికా పెట్టుబడికా అన్నవి మాత్రం ఎవరివి వాళ్లవి. వీటిలో ఒక్కటి కూడా కామెంట్లలో మాట్లాడకండి, వాళ్లు మొదలుపెట్టినా సరే.

రేటు బయట పెడితే పక్క షాపువాళ్లు చూస్తారని అక్క భయపడింది. చూస్తారు, నిజమే. కానీ ఒక దొంగ ఐడీతో “ప్రైస్ ప్లీజ్” అని అడిగితే ఇన్‌బాక్స్‌లో కూడా వాళ్లకి తెలిసిపోతుంది, అంటే దాచి మనం ఆపింది అసలు కొనేవాళ్లనే. బేరం గురించి కూడా ఆలోచించాం. మన ఊళ్లో బేరం ఆడకుండా చీర కొనడం చాలామందికి తృప్తినివ్వదు, అందుకని ఇన్‌బాక్స్‌లో ఒకావిడకి వంద తగ్గించాం. రెండోరోజు ఆవిడే మంచి మనసుతో, “నాకు 1,350కే ఇచ్చారు, చీర చాలా బాగుంది” అని పోస్టు కింద రాసింది. 1,450 పెట్టి కొన్న ఇద్దరు వెంటనే మెసేజ్ చేశారు, వాళ్లకి ఏం చెప్పాలో తోచలేదు. ఇన్‌బాక్స్ రేటు ఎప్పటికో ఒకప్పటికి బయటికి వస్తుంది. తగ్గింపు ఇవ్వాలనుకుంటే దానికి అందరి ముందూ చెప్పగలిగే కారణం ఉండాలి. మేం ఐదు చీరలు దాటితే హోల్‌సేల్ రేటు అని పెట్టుకున్నాం, ఆ మాట బయటే రాస్తాం. హోల్‌సేల్ రేటు ఎంతన్నది మాత్రం చీర, సంఖ్య చూసి ఇన్‌బాక్స్‌లో చెబుతాం.

జవాబులు మొదలుపెట్టే ముందు పోస్టునే సరిచేయండి

కామెంట్లు ముంచెత్తుతుంటే చెయ్యి ఆగదు, వెంటనే రిప్లై కొట్టాలనిపిస్తుంది. పది నిమిషాలు ఆగి ముందు క్యాప్షన్ మార్చండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టిన తర్వాత కూడా క్యాప్షన్ ఎడిట్ చేసుకోవచ్చు. తెరవకుండా కనిపించేది మొదటి లైన్లే కాబట్టి రేటు అక్కడే ఉండాలి, పండగ శుభాకాంక్షలు కిందికి పోవాలి. మా రీల్‌కి తర్వాత ఇలా మార్చాం:

“కాటన్ చీరలు, జాకెట్ ముక్కతో. 1 నుంచి 4 నంబర్లు 1,450, 5, 6 నంబర్లు 1,780. ఆంధ్రా, తెలంగాణ కొరియర్ 80. క్యాష్ ఆన్ డెలివరీ లేదు. షాపు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర, ఉదయం 10 నుంచి రాత్రి 9.”

నంబర్ల సంగతి గట్టిగా చెబుతున్నాను. ఒకే రీల్‌లో ఆరు చీరలు చూపించి నంబరు వేయకపోతే “ఇన్ఫో” అన్న మనిషి దేని గురించి అడిగిందో దేవుడికే తెలియాలి. మనం “ఏ చీర మేడమ్” అంటే ఆవిడ “ఆ పచ్చది” అంటుంది, పచ్చవి రెండున్నాయి. వీడియో తీసేటప్పుడే ఒక అట్టముక్క మీద నంబరు రాసి చీర పక్కన పెడితే ఈ గొడవ మొత్తం పోతుంది.

క్యాప్షన్ అయ్యాక అదే మాట ఒక కామెంట్‌గా రాసి పిన్ చేయండి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పిన్ చేసిన కామెంట్ ఇకమీదట వచ్చేవాళ్లకే పనికొస్తుంది. ఇప్పటికే అడిగి వెళ్లిపోయినవాళ్లకి దాని గురించి నోటిఫికేషన్ వెళ్లదు. మనం కింద విడిగా “అందరికీ: రేటు 1,450” అని రాసినా అంతే, ఎవరికీ కబురు అందదు. వాళ్లకి చేరాలంటే వాళ్ల కామెంట్ కిందే Reply నొక్కి రాయాలి. రేటు చెప్పాం కదా, ఎవరూ తిరిగి రాలేదేంటని మేం రెండు పోస్టుల దాకా తల పట్టుకున్నాం, కారణం ఇదే.

ఇంకో మాట. “వివరాలకి INFO అని కామెంట్ చేయండి” అని పోస్టులో రాయకండి. కామెంట్లు పెరిగితే పోస్టు ఎక్కువమందికి వెళ్తుందని అలా రాస్తుంటారు. అలా అడుక్కుని కామెంట్లు, లైకులు, ట్యాగులు తెప్పించుకునే పోస్టులని కిందికి తోసేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ఆ సంగతి పక్కన పెట్టినా, రేటు చెప్పడానికి మనిషిని ఒక మెట్టు ఎక్కువ ఎక్కించడం దేనికి?

అన్ని కామెంట్లూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి

ఫేస్‌బుక్ పోస్టు తెరవగానే చూపించేది Most relevant అనే వరస. అందులో కొన్ని కామెంట్లు కనపడవు. దాన్ని నొక్కి All comments అని మార్చండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే కామెంట్ల చిట్టచివరికి వెళ్తే, దాచేసిన కామెంట్లు చూడమని ఒక లైను కొన్నిసార్లు ఉంటుంది, అందులో ఫోన్ నంబరు పెట్టిన అసలైన కస్టమర్లే ఉండొచ్చు. కంప్యూటర్‌లో గానీ ఫోన్‌లో గానీ Meta Business Suite వాడితే రెండింటి కామెంట్లూ మెసేజ్‌లూ Inbox అనే ఒక్కచోటే వస్తాయి. రోజుకి పాతిక కామెంట్లు దాటుతుంటే అదే మేలు.

కుప్పలుగా విడదీయండి, వచ్చిన వరసలో వద్దు

ఆ దసరా రీల్ కామెంట్లని తర్వాత కూర్చుని లెక్కపెట్టాను. ఉత్త “ఇన్ఫో, ప్రైస్, డీటెయిల్స్” రకం 96. “విజయనగరం పంపుతారా”, “షాపు ఎక్కడండి”, “సిల్వర్ జరీయా” లాంటి అసలు ప్రశ్నలు 21. ఫోన్ నంబరు రాసేసి కాల్ చేయమన్నవి 9. పాత ఆర్డర్ ఫిర్యాదులు 5. మిగిలిన 12 స్నేహితులని ట్యాగ్ చేసినవీ, పువ్వుల గుర్తులూ.

మొదటిరోజు నేను పైనుంచి కిందికి పోయాను కాబట్టి, ఐదు ఫిర్యాదుల్లో నాలుగు మర్నాటి దాకా అలాగే ఉండిపోయాయి. ఆ రోజంతా రీల్ చూసిన ప్రతి ఒక్కరూ వాటిని చదివారు. ఇప్పుడు ఫిర్యాదులు ముందు, తర్వాత ఫోన్ నంబర్లు, ఆ తర్వాత అసలు ప్రశ్నలు, చివర్న “ఇన్ఫో”లు చూస్తాం. ట్యాగ్ చేసినవాళ్లకి ఒక లైక్ కొడితే చాలు.

ఫిర్యాదు: బయట రెండు మాటలు, లోపల అసలు సంగతి, మళ్లీ బయటికి

పార్వతీపురం నుంచి ఒకావిడ రాసింది: “పోయిన నెల తీసుకున్న చీర రంగు దిగిపోయింది, మెసేజ్ పెడితే జవాబు లేదు.” ఆవిడకి కామెంట్ కిందే ఇలా రాశాం:

“క్షమించండి అమ్మా, మీ మెసేజ్ మేం చూడకపోవడం మా తప్పే. ఇప్పుడే మీకు ఇన్‌బాక్స్‌లో రాశాం, చీర ఫొటో పంపండి, మార్చి ఇస్తాం.”

ఇందులో ఆవిడ పేరు, ఊరు, ఆర్డర్ వివరం ఏదీ లేదని చూడండి. “మీరు ఉప్పునీళ్లలో నానబెట్టారా” లాంటి ప్రశ్న కూడా బయట అడగలేదు. అది అడగాల్సిందే, కానీ లోపల. బయట అడిగితే తప్పు ఆవిడ మీదికి నెట్టేస్తున్నట్టు ఉంటుంది, ఆవిడకి కోపం వస్తుంది, చూసేవాళ్లు ఆవిడ పక్షమే తీసుకుంటారు.

మూడో ముక్క చాలామంది మర్చిపోతారు. లోపల సమస్య తీరాక బయటికి వచ్చి అదే కామెంట్ కింద “చీర మార్చి ఈరోజు ఆర్టీసీ కార్గోలో పంపాం అమ్మా, అందాక ఒక మాట చెప్పండి” అని రాయాలి. అది రాయకపోతే చూసేవాళ్లకి ఆ కథ “ఇన్‌బాక్స్‌కి రండి” దగ్గరే ఆగిపోతుంది, నోరు మూయించడానికి లోపలికి పిలిచారని అనుకుంటారు. ఫిర్యాదు కామెంట్ డిలీట్ చేయొద్దు. ఇన్‌బాక్స్ మాటల స్క్రీన్‌షాట్ తీసి, మా తప్పు లేదని బయట పెట్టనే పెట్టొద్దు.

ఫోన్ నంబరు కామెంట్లు: ఇక్కడా తొందర అవసరమే

ఈ తొమ్మిదీ చిన్న సంఖ్యే గానీ ప్రమాదం ఎక్కువ. కొనాలని ఉన్నవాళ్లు ఎవరో, వాళ్ల నంబరేంటో బహిరంగంగా ఒక పట్టీలా మన పోస్టు కింద ఉంటుంది. దాన్ని చూసి మోసగాళ్లు మన షాపు బొమ్మ, కొంచెం తేడాగా మన పేరు పెట్టి ఇంకో ఖాతా తెరుస్తారు. వాళ్లకి ఫోనో మెసేజో చేసి “మీరడిగిన చీర ఒక్కటే ఉంది, 500 అడ్వాన్స్ వేస్తే పక్కన పెడతాం” అంటారు. మా కస్టమర్ ఒకావిడకి అచ్చంగా ఇలాగే జరిగింది. టెక్కలి నుంచి షాపుకి వచ్చి, డబ్బు కట్టాను చీరెక్కడ అని అడిగింది. ఆరోజు అక్క మొహం చూడలేకపోయాను.

అందుకని నంబరు కనపడగానే ముందు దాన్ని రాసుకోండి, తర్వాత ఆ కామెంట్ నుంచే ఇన్‌బాక్స్ మెసేజ్ పంపండి, ఆ తర్వాత కామెంట్‌ని దాచండి. ఈ వరస తప్పకూడదు, ముందే డిలీట్ చేస్తే ఆ కామెంట్ నుంచి మెసేజ్ పంపే దారి పోతుంది. ఒక పరిమితి కూడా తెలుసుకోండి. ఫేస్‌బుక్‌లో Hide చేసిన కామెంట్ మిగతా లోకానికి కనపడదు గానీ, రాసినవాళ్లకీ వాళ్ల స్నేహితులకీ కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా పోవాలంటే తీసేయాలి, మేం మెసేజ్‌లో “మీ నంబరు మేం రాసుకున్నాం, మీ భద్రత కోసం కామెంట్ తీసేస్తున్నాం” అని చెప్పి తీసేస్తాం. చెప్పకుండా తీస్తే వాళ్లు మళ్లీ రాస్తారు.

పిన్ చేసిన కామెంట్‌లో ఇంకో లైను కలిపాం: “అడ్వాన్స్ కోసం మేం ముందుగా ఎవరికీ ఫోన్ చేయం. డబ్బు వేసేముందు యూపీఐలో మా షాపు పేరు వస్తుందో లేదో చూసుకోండి, వేరే పేరు వస్తే ఆపేయండి.” ఎవరైనా డబ్బు పోగొట్టుకుని మన దగ్గరికి వస్తే, మన ఖాతా కాదని చేతులు దులుపుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయించండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. దొంగ ఖాతాని రిపోర్ట్ చేయడం మన పని.

ఇక “ఇన్ఫో”ల కుప్ప

21 అసలు ప్రశ్నలకి ఎలాగూ ఒక్కొక్కదానికి కిందే జవాబు రాస్తాం, అందులో చెప్పేదేం లేదు. ఈ 96 దగ్గరే పద్ధతి కావాలి.

“ఇన్ఫో” అని ఒక్క మాట రాసిన మనిషి సోమరితనంతో రాసిందని నేను మొదట్లో అనుకునేవాణ్ని. నెమ్మదిగా తెలిసింది, చాలామందికి తెలుగు టైపింగ్ రాదు, ఇంగ్లీషులో ప్రశ్న రాయాలంటే భయం, అందరూ రాసేది చూసి అదే రాస్తారు. కాబట్టి జవాబు పూర్తిగా ఉండాలి, వాళ్లు తిరిగి రాయాల్సింది ఒక అంకె మాత్రమే అయి ఉండాలి. మా జవాబు ఇలా ఉంటుంది:

“1 నుంచి 4 నంబర్లు 1,450, 5, 6 నంబర్లు 1,780 అండి, కొరియర్ 80. ఏ నంబరు నచ్చిందో ఆ అంకె ఒక్కటి రాయండి, ఫొటోలు ఇన్‌బాక్స్‌లో పంపుతాం.”

ఆవిడ “3” అని రాసిందంటే కొనాలని ఉన్నట్టే. అప్పుడు లోపలికి వెళ్లడానికి ఒక కారణం ఉంటుంది, ఆవిడే అడిగింది కాబట్టి మెసేజ్ కోసం చూస్తుంది కూడా. అంకె రాయనివాళ్లకి మేం చేత్తో మెసేజ్ పంపం. 96 మందికీ పంపడం మానేశాక నా సాయంత్రాలు నాకు దక్కాయి, అమ్మకం మాత్రం తగ్గలేదు.

ఒకే వాక్యం అతికిస్తూ పోతే ఆపేస్తుందని పైన చెప్పాను. ఎన్నింటికి ఆపుతుందన్న లెక్క వాళ్లు బయట పెట్టరు, ఖాతా కొత్తదైతే ఇంకా ముందే ఆపుతుంది. మేం చేసేదేంటంటే, జవాబుని నాలుగైదు రకాలుగా రాసి ఫోన్ నోట్స్‌లో పెట్టుకున్నాం, ఒకదాంట్లో రేటు ముందు, ఒకదాంట్లో షాపు చోటు ముందు, ఇలా మాట నిజంగానే వేరుగా ఉంటుంది. పదిహేనో ఇరవయ్యో రాశాక ఆపి, షాపులో పని చూసుకుని, గంట తర్వాత మళ్లీ కూర్చుంటాను. 96 పూర్తవడానికి రెండు రోజులు పడుతుంది, పడనివ్వండి. “తర్వాత ప్రయత్నించండి” అన్న హెచ్చరిక వస్తే ఇంకోసారి నొక్కి చూడకుండా ఆ రోజుకి వదిలేయండి. ఆ సమయంలో కూడా క్యాప్షన్‌లో, పిన్‌లో రేటు ఉంది కాబట్టి కొత్తవాళ్లకి జవాబు దొరుకుతూనే ఉంటుంది, అందుకే ఆ పని ముందు చేయమన్నాను.

అక్కా నేనూ ఇద్దరం జవాబులు రాస్తే ఒకరికి రెండుసార్లు, ఇంకొకరికి అసలు లేకుండా పోయేది. దానికి చిన్న ఏర్పాటు పెట్టుకున్నాం: జవాబు ఇచ్చాకే ఆ కామెంట్‌కి లైక్ కొడతాం. లైక్ ఉంటే పని అయినట్టు, లేకపోతే కానట్టు.

ఇన్‌బాక్స్‌లోకి వెళ్లినప్పుడు: మొదటి మెసేజ్ ఒక్కటే అనుకోండి

కామెంట్ కింద ఉండే Message నొక్కి గానీ Business Suite నుంచి గానీ వ్యాపార ఖాతా పంపే మెసేజ్‌కి ఒక హద్దుంది. ఒక కామెంట్‌కి ఒకే మెసేజ్, అదీ కామెంట్ పెట్టిన ఏడు రోజుల లోపల. వాళ్లు తిరిగి రాస్తేనే మాట ముందుకు సాగుతుంది. మామూలుగా ఇన్‌స్టాగ్రామ్‌లో మనల్ని ఫాలో కానివాళ్లకి రాసినా ఇంచుమించు ఇంతే, 2023లో తెచ్చిన మార్పుతో వాళ్లు ఒప్పుకునేదాకా ఒక్క మెసేజే, అదీ అక్షరాలే, ఫొటో వెళ్లదు.

నేను మొదటిరోజు ఆ ఒక్క మెసేజ్‌నీ “హాయ్ మేడమ్” అని ఖర్చు చేసేశాను. అవతల ఎవరో “హాయ్” అన్నారని చూసి ఆవిడ ఎందుకు తెరుస్తుంది? ఇప్పుడు ఇలా రాస్తాం:

“నమస్తే అండి, మీరు కామెంట్‌లో అడిగిన 3వ నంబరు చీర. 1,450, జాకెట్ ముక్కతో, కొరియర్ 80, మొత్తం 1,530. కొంగు దగ్గరగా తీసిన ఫొటోలు కావాలంటే ‘సరే’ అని రాయండి. ఇవాళ రాత్రి 9 దాకా పక్కన పెడతాం.”

చివరి వాక్యం నిజమైతేనే రాయండి. మేం నిజంగానే చీర మీద చీటీ పెట్టి పక్కన ఉంచుతాం.

రెండో చిక్కు, ఫాలో కానివాళ్లకి మన మెసేజ్ మామూలు మెసేజ్‌ల మధ్య పడదు, Message requests అనే చోట పడుతుంది. దానికి సరిగ్గా మోత కూడా రాదు. చాలామందికి అలాంటి చోటొకటి ఉందనే తెలియదు. మొదటిరోజు సగం మంది మా మెసేజ్ చూడకపోవడానికి కారణం ఇదే. అందుకని లోపల పంపగానే బయట కామెంట్ కింద ఒక లైను రాయాలి: “3వ నంబరు వివరాలు పంపామండి, మెసేజ్‌లలో Message requests అన్నచోట చూడండి.” ఈ ఒక్క లైను మొదలుపెట్టాక “మెసేజ్ రాలేదు” అనే కామెంట్లు దాదాపు ఆగిపోయాయి.

ఆర్డర్ ఖాయం అయ్యాక మేం వాట్సాప్ బిజినెస్‌లోకి తీసుకెళ్తాం, అడ్రసు, పార్సిల్ నంబరు అక్కడ పెట్టుకోవడం సుఖం. దానికి లింకు ఇలా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=SARI3
```

ఎక్స్‌ల స్థానంలో మీ పది అంకెలు, ముందు సున్నా గానీ ప్లస్ గానీ వద్దు. దాన్ని నొక్కితే SARI3 అని రాసిపెట్టిన చాట్ తెరుచుకుంటుంది, ఏ చీరో మనకి అడగకుండానే తెలుస్తుంది. ఫేస్‌బుక్ కామెంట్‌లో ఈ లింకు నొక్కితే పనిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ కామెంట్‌లో, క్యాప్షన్‌లో పెడితే ఉత్త అక్షరాలే, నొక్కడానికి కుదరదు. అక్కడ ప్రొఫైల్‌లో పెట్టి “లింకు ప్రొఫైల్‌లో ఉంది” అని రాయాలి.

ఆటోమేటిక్ జవాబు పెట్టాలా?

కామెంట్‌లో ఫలానా మాట వస్తే దానంతటదే మెసేజ్ వెళ్లే ఏర్పాటు Business Suite ఆటోమేషన్లలో ఉంది, బయటి యాప్‌లు కూడా ఉన్నాయి. మేం పెట్టి, తీసేసి, మళ్లీ కొంచెం పెట్టుకున్నాం. తీసేయడానికి కారణం చెబుతాను. “price” అన్న మాట పెట్టాం. ఒకాయన “price చూస్తే ఎక్కువుంది, క్వాలిటీ మాత్రం పోయినసారిలా లేదు” అని రాశాడు. అతనికి మా దగ్గర్నుంచి పండగ కళతో “మా కలెక్షన్ నచ్చినందుకు ధన్యవాదాలు” అని వెళ్లింది. ఇంకోవైపు “రేటెంత”, “entha”, “detials”, “పీపీ” అని రాసినవాళ్లకి ఏమీ వెళ్లలేదు, ఎందుకంటే ఆ మాటలు మేం పెట్టలేదు.

పెట్టాలనుకుంటే ముందు రెండు వారాలు చేత్తోనే జవాబిస్తూ, మీ వాళ్లు ఏయే మాటలు ఎలా రాస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ఫిర్యాదుల్లో రాని మాటలే పెట్టండి. మాకు సరిపడ్డవి “info”, “details”, “pp”. “price”, “రేటు” రెండూ వదిలేశాం, అవి మనిషే చదవాలి. వెళ్లే మెసేజ్‌లో కలెక్షన్లూ ధన్యవాదాలూ తీసేసి రేటూ నంబర్లూ మాత్రమే ఉంచాం, అప్పుడు పొరపాటున వేరేవాళ్లకి వెళ్లినా ఎవరి మనసూ నొచ్చుకోదు.

చీరలు అయిపోయాక

రీల్ ఎప్పుడు మళ్లీ తిరుగుతుందో చెప్పలేం. మా దసరా రీల్ కింద కార్తీకంలో కూడా “ఇన్ఫో” వచ్చింది. అప్పటికి ఆరింటిలో నాలుగు నంబర్లు లేవు. ఒకమ్మాయి పాత జవాబు చూసి, 1,530 వేసేసి స్క్రీన్‌షాట్ పంపింది, డబ్బు తిరిగి పంపి క్షమాపణ చెప్పుకున్నాం. కాబట్టి ఒక నంబరు అయిపోయిన రోజే క్యాప్షన్ మొదటి లైనులో “2, 3 నంబర్లు అయిపోయాయి” అని రాయండి, పాత పిన్ తీసి కొత్తది రాసి పిన్ చేయండి. అన్నీ అయిపోతే “ఈ చీరలు అయిపోయాయి, ఇలాంటివి కొత్తగా వచ్చినవి ప్రొఫైల్‌లో పైన ఉన్నాయి” అని మార్చండి. జవాబులన్నీ ఎడిట్ చేస్తూ కూర్చోవడం అయ్యే పని కాదు, అందుకే ఇప్పుడు ఒక్కో జవాబు చివర “ఈ రేటు దసరా దాకా” అని తేదీ కట్టి రాస్తున్నాం.

రాత్రి షట్టర్ వేసేముందు అక్కా నేనూ పది నిమిషాలు కూర్చుంటాం. లైక్ లేని కామెంట్లు ఏమైనా మిగిలాయా, Message requestsలో మనకి ఎవరైనా రాశారా, పక్కన పెట్టిన చీరల్లో చీటీ గడువు దాటినవి ఉన్నాయా, ఈ మూడు చూసుకుంటాం. గడువు దాటిన చీర మళ్లీ రాక్‌లోకి వెళ్తుంది, అడిగినావిడకి ఇన్‌బాక్స్‌లో ఆ మాట చెబుతాం.